నీళ్లు ఆవిరైతే రియాక్టర్ ఆరుతుందా, రగులుతుందా?

పొయ్యి మీది గిన్నెలో నీళ్లు ఇగిరిపోతే గిన్నె మాడుతుంది. పొయ్యికి ఆ సంగతి పట్టదు. మంట అంతకుముందు ఎంత ఉందో అప్పుడూ అంతే ఉంటుంది. అణు రియాక్టర్‌లో అలా కాదు. అక్కడ మంట ఒకచోట, నీళ్లు ఇంకోచోట ఉండవు. ఇంధన కడ్డీల సందుల్లోంచే నీళ్లు పారుతుంటాయి. ఒక కడ్డీలో పుట్టిన న్యూట్రాన్ ఆ నీళ్లను దాటుకునే పక్క కడ్డీని చేరాలి. కాబట్టి నీళ్లలో నాలుగు బుడగలు పుట్టినా ఆ న్యూట్రాన్ ప్రయాణం మారుతుంది, దాంతో మంటే మారుతుంది.

ఎటు మారుతుందన్నదే అసలు ప్రశ్న. కొన్ని రియాక్టర్లలో నీళ్లు ఆవిరైతే మంట దానంతటదే తగ్గుతుంది. మరికొన్నింటిలో పెరుగుతుంది. రెండు చోట్లా అదే యురేనియం, అవే నీళ్లు. బుడగలు పెరిగినప్పుడు శృంఖల చర్య ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో చెప్పే అంకెను వాయిడ్ గుణకం అంటారు. వాయిడ్ అంటే ఇక్కడ నీళ్లు ఉండాల్సిన చోట ఏర్పడిన ఖాళీ, అంటే ఆవిరి. ఆ అంకెకు ముందు మైనస్ గుర్తు ఉంటే రియాక్టర్ తన్ను తాను తగ్గించుకుంటుంది. ప్లస్ ఉంటే ఎగదోసుకుంటుంది.

నీళ్లకు రెండు పనులు

యురేనియం-235 కేంద్రకం చీలినప్పుడు రెండు మూడు న్యూట్రాన్లు బయటపడతాయి. వాటి వేగం సెకనుకు దాదాపు 20,000 కిలోమీటర్లు. ఆ దూకుడు మీదున్న న్యూట్రాన్ ఇంకో యురేనియం-235 కేంద్రకాన్ని చీల్చే అవకాశం తక్కువ. వేగం సెకనుకు రెండు కిలోమీటర్ల చిల్లరకు పడిపోతే అవకాశం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. అందుకే వేగాన్ని తగ్గించే పదార్థం ఒకటి కావాలి. దాన్నే మితకారి అంటారు. మామూలు నీళ్లలోని హైడ్రోజన్ ఈ పనిలో దిట్ట. సుమారు 20 ఢీకొట్లతో న్యూట్రాన్‌ను నెమ్మదింపజేస్తుంది. గ్రాఫైటులోని కార్బన్‌కు అదే పని చేయడానికి వంద పైచిలుకు ఢీకొట్లు కావాలి.

అయితే హైడ్రోజన్‌కు ఇంకో గుణం ఉంది. నెమ్మదించిన న్యూట్రాన్లలో కొన్నింటిని అది మింగేస్తుంది. అలా మింగినవి ఇంధనానికి దక్కవు. అంటే నీళ్లు ఒక చేత్తో మంటకు సాయం చేస్తాయి, మరో చేత్తో దాన్ని కాస్త అణుస్తాయి. నీళ్లు తొలగిపోతే రెండు పనులూ ఒకేసారి ఆగిపోతాయి. ఆ రియాక్టర్‌లో ఏ పని పెద్దదో దాన్నిబట్టి మంట తగ్గడమో పెరగడమో జరుగుతుంది.

ప్రపంచంలో ఎక్కువగా నడిచే మామూలు నీటి రియాక్టర్లలో మితకారి ఆ నీళ్లే. మన కూడంకుళంలోవీ ఈ రకమే, 1969లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన తారాపూర్ తొలి రెండు రియాక్టర్లూ ఈ రకమే. ఇక్కడ రూపకర్తలు తెలిసే ఒక లోటు పెడతారు. శృంఖల చర్య అత్యంత జోరుగా సాగడానికి కడ్డీల మధ్య ఎన్ని నీళ్లు కావాలో అంతకంటే కొంచెం తక్కువే ఉండేలా కడ్డీలను అమరుస్తారు. అలా అమర్చాక నీళ్లు ఇంకా తగ్గితే చర్య మందగించడం ఒక్కటే దారి. నీళ్లు మరీ ఎక్కువగా ఉండేలా కట్టి ఉంటే, అవే నీళ్లు అవే కడ్డీలతో గుర్తు ప్లస్ అయ్యేది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పీడనం కింద నీళ్లు మరగకుండా నడిచే రియాక్టర్లలో, కొత్త ఇంధనం నింపిన రోజుల్లో అదనపు జోరును అణచడానికి నీళ్లలో బోరాన్ కలుపుతారు. బోరాన్ న్యూట్రాన్లను గట్టిగా మింగుతుంది. నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తే కడ్డీల మధ్య నుంచి నీళ్లతోపాటు బోరానూ తగ్గుతుంది. బోరాన్ మోతాదు మితిమీరితే ఆ నష్టమే పైచేయి అయి, మైనస్ గుర్తు ప్లస్‌గా మారవచ్చు. అందుకని బోరాన్‌కు హద్దు పెట్టి, మిగతా అణచివేతకు క్రమేపీ అరిగిపోయే శోషకాలను ఇంధనంలోనే కలుపుతారు. గుణకమంటే రియాక్టర్‌కు పుట్టుకతో వచ్చి శాశ్వతంగా ఉండే గుణం కాదు. ఇంధనం వయసునుబట్టి, నడిపే తీరునుబట్టి అది జరుగుతూ ఉంటుంది. ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

పెట్టె: నీళ్లకంటే ముందే మేలుకునేది

నీళ్లు వేడెక్కాలంటే ముందు ఇంధనంలో పుట్టిన వేడి గొట్టం గోడ దాటి బయటికి రావాలి. దానికి కొన్ని సెకన్లు పడుతుంది. అంతకంటే ముందే, ఇంధనం వేడెక్కిన క్షణంలోనే పనిచేసే అడ్డు ఒకటి ఉంది. దాన్ని డాప్లర్ ప్రభావం అంటారు.

ఇంధనంలో అధిక భాగం చీలని యురేనియం-238. వేగం తగ్గించుకుంటూ వచ్చే న్యూట్రాన్లను అది కొన్ని నిర్దిష్టమైన శక్తుల దగ్గర విపరీతంగా మింగుతుంది. ఆ శక్తికి కాస్త అటూ ఇటూ ఉన్న న్యూట్రాన్ తప్పించుకుపోతుంది. ఇంధనం వేడెక్కితే కేంద్రకాలు మరింత ఊగుతాయి. ఎదురొస్తున్న కేంద్రకానికి న్యూట్రాన్ అసలు వేగంకంటే ఎక్కువ వేగంతో తగులుతుంది, దూరం జరుగుతున్న కేంద్రకానికి తక్కువ వేగంతో. కాబట్టి అంతవరకు తప్పించుకున్నవి కూడా చిక్కుతాయి. మింగే పట్టీ వెడల్పవుతుంది.

పట్టీ వెడల్పైతే ఎత్తు తగ్గుతుంది కదా, లెక్క సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. పట్టీ నడిమధ్యన అంతకుముందే వచ్చిన న్యూట్రాన్ వచ్చినట్టు చిక్కుతోంది. అక్కడ ఎత్తు కొంచెం తగ్గినా తప్పించుకునేది దాదాపు ఉండదు. అంచుల్లో కొత్తగా చిక్కేవన్నీ అదనమే. అందుకే యురేనియం-238 దండిగా ఉన్న ఇంధనంలో ఈ ప్రభావం ఎప్పుడూ మైనస్ వైపే పనిచేస్తుంది.

చెర్నోబిల్ నీళ్లు చేసే పని వేరు

1986 ఏప్రిల్ 26న పేలిన చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ ఆర్‌బీఎంకే రకానిది. అందులో మితకారి గ్రాఫైటు దిమ్మెలు. వాటిలో నిలువునా తొలిచిన 1,600 పైచిలుకు గొట్టాల్లో ఇంధనం, దాని చుట్టూ పారే నీళ్లు. న్యూట్రాన్లను నెమ్మదింపజేసే పని గ్రాఫైటు చూసుకుంటోంది కనుక నీళ్లకు మిగిలింది వేడిని మోయడం, కొన్ని న్యూట్రాన్లను మింగడం. నీళ్లు ఆవిరైతే మింగేది తగ్గుతుంది, నెమ్మదింపు మాత్రం అలాగే ఉంటుంది. గుర్తు ప్లస్.

ప్లస్ గుర్తు ఒక్కటే పేలుడుకు చాలదు. ఎంత పెద్ద ప్లస్ అన్నది ముఖ్యం. దాన్ని కొలవడానికి ఓ సహజమైన గీటురాయి ఉంది. విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్లలో దాదాపు అన్నీ తక్షణమే పుడతాయి. 0.65 శాతం మాత్రం చీలిన ముక్కల నుంచి కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం ఆలస్యంగా వస్తాయి. రియాక్టర్‌ను మనిషి చేత్తో, మోటారుతో అదుపు చేయగలుగుతున్నాడంటే ఈ పిడికెడు ఆలస్యపు న్యూట్రాన్ల పుణ్యమే. శృంఖల చర్య ముందుకు సాగడానికి ఇవి వచ్చేదాకా ఆగాల్సినంతకాలం శక్తి పెరుగుదల నెమ్మదిగా ఉంటుంది. అదనపు జోరు ఈ వాటాను మించిందా, ఆలస్యపు వాటి కోసం ఎదురుచూడాల్సిన పని తప్పుతుంది. అప్పుడు తరం వెనుక తరం సెకనులో వెయ్యో వంతు లోపే పుట్టుకొస్తుంది. ఏ నియంత్రణ కడ్డీ కూడా అంత వేగంగా దిగలేదు.

ప్రమాద సమయానికి చెర్నోబిల్ రియాక్టర్‌లో నీళ్లన్నీ ఆవిరైతే వచ్చే అదనపు జోరు, ఈ ఆలస్యపు వాటాకు సుమారు 4.7 రెట్లని తర్వాత లెక్కగట్టారు.

ఆ రాత్రి అంత పెద్ద అంకె అక్కడ ఎలా పోగైంది? కరెంటు పోయినప్పుడు, డీజిల్ జనరేటర్లు అందుకునేలోపు, తిరుగుతూ ఆగిపోయే టర్బైను నుంచి పంపులకు కరెంటు ఇవ్వవచ్చా అని పరీక్ష చేస్తున్నారు. 700 మెగావాట్ల ఉష్ణశక్తి దగ్గర చేయాల్సింది. అర్ధరాత్రి దాటాక శక్తి జారి జారి 30 మెగావాట్లకు పడిపోయింది. తక్కువ శక్తిలో జెనాన్ అనే శోషక వాయువు ఇంధనంలో పేరుకుంటుంది. దాన్ని ఎదుర్కొని శక్తిని 200 మెగావాట్లకు లేపడానికి నియంత్రణ కడ్డీలను ఒక్కొక్కటిగా దాదాపు అన్నింటినీ పైకి లాగారు. ఎనిమిది పంపులూ నడుస్తున్నాయి, గొట్టాల నిండా నీళ్లే, ఆవిరి అంతంతమాత్రం. చూడ్డానికి చల్లగా, నిలకడగా ఉంది. నిజానికి ఆ నిలకడ అంతా నీళ్లు మింగుతున్న న్యూట్రాన్ల మీదే ఆనుకుని ఉంది. పైగా లోపలికి వస్తున్న నీళ్లు మరుగు స్థానానికి అతి దగ్గరలో ఉన్నాయి.

1 గంట 23 నిమిషాల 4 సెకన్లకు టర్బైనుకు ఆవిరి ఆపారు. దాని మీద ఆధారపడిన నాలుగు పంపులు నెమ్మదించాయి. ప్రవాహం తగ్గింది, నీళ్లు మరిగాయి. 36 సెకన్ల తర్వాత అత్యవసర బటన్ నొక్కారు. కడ్డీలు దిగడం మొదలైంది. ఆ కడ్డీల కింద గ్రాఫైటు తొడుగులు వేలాడుతుంటాయి. కడ్డీ పూర్తిగా పైకి లాగి ఉన్నప్పుడు గ్రాఫైటు కింద ఒక మీటరుకు పైగా నీటి స్తంభం ఉంటుంది. దిగుతున్న గ్రాఫైటు ఆ నీళ్లను పక్కకు నెట్టి, రియాక్టర్ అడుగున మింగేవాటిని తీసేసి మింగనిదాన్ని పెట్టింది. ఆర్పాల్సిన బటన్ మొదటి క్షణాల్లో రగిల్చింది. అక్కడ పుట్టిన వేడి మరిన్ని నీళ్లను ఆవిరి చేసింది, ఆవిరి మరింత వేడిని పుట్టించింది. డాప్లర్ అడ్డు పనిచేయలేదని కాదు. 4.7 ముందు అది చాలలేదు.

ప్రమాదం తర్వాత మిగతా ఆర్‌బీఎంకేలను మూసేయలేదు, మార్చారు. యురేనియం-235 వాటాను 2 శాతం నుంచి 2.4 శాతానికి పెంచారు, ఒక్కో రియాక్టర్‌లో 80కి పైగా శాశ్వత శోషకాలు దించారు. ఇవి న్యూట్రాన్లను మింగే పనిలో నీళ్లకు పోటీ వచ్చాయి. మింగేవి వేరే ఉన్నాయి కనుక నీళ్లు పోయినా తేడా తక్కువ. 4.7 ఉన్న అంకె సుమారు 0.7కు దిగింది. గుర్తు ఇప్పటికీ ప్లస్సే. కానీ ఒకటికంటే తక్కువ. నీళ్లన్నీ పోయినా ఆలస్యపు న్యూట్రాన్ల పగ్గం తెగదు, కడ్డీలు దిగడానికి వ్యవధి దొరుకుతుంది. సోవియట్ మరమ్మతు మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ చిన్న లెక్కే.

మన భారజల రియాక్టర్ల సంగతి

హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం తయారుచేసే ఇంధన కట్టలు, మణుగూరు కర్మాగారంలో తీసే భారజలం వెళ్లేది రావత్‌భాటా, కైగా, కాక్రపార్ వంటి చోట్ల ఉన్న రియాక్టర్లకు. వాటి వాయిడ్ గుణకం కూడా ప్లస్సే. ఇది దాచిన రహస్యమేమీ కాదు, ఈ రకం రియాక్టర్ మీద ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఉంటుంది.

కారణం మాత్రం చెర్నోబిల్‌ది కాదు. భారజలం న్యూట్రాన్లను మింగేది బహు స్వల్పం, కనుక మింగడం తగ్గిందన్న లెక్క ఇక్కడ పెద్దగా లేదు. ఇక్కడ వేడిని మోసే భారజలం ఇంధన గొట్టాల్లో, మితకారి భారజలం బయటి పెద్ద తొట్టిలో వేరువేరుగా ఉంటాయి. గొట్టంలోని ద్రవం న్యూట్రాన్లను కొంత నెమ్మదింపజేసి, యురేనియం-238 మింగే శక్తుల్లోకి ఇంధనం పక్కనే దింపుతుంది. ఆ ద్రవం పోతే న్యూట్రాన్లు దూకుడు తగ్గకుండానే తొట్టిలోకి దూకి, యురేనియం-238కు దూరంగా అక్కడ నెమ్మదిస్తాయి. తప్పించుకునేవి పెరుగుతాయి.

అయినా దీన్ని ఇంకో చెర్నోబిల్ అనడం సరికాదు. భారజలంలో న్యూట్రాన్ చాలాసేపు తిరుగుతుంది కనుక శక్తి పెరిగినా మెల్లగా పెరుగుతుంది. 700 మెగావాట్ల కొత్త రకంలో ఆర్పే వ్యవస్థలు రెండు, ఒకదానికొకటి సంబంధం లేనివి. ఒకటి కాడ్మియం ఉన్న కడ్డీలను దించుతుంది, రెండోది గడోలినియం ద్రావణాన్ని నేరుగా మితకారిలోకి చిమ్ముతుంది. చల్లబరిచే ప్రవాహాన్ని రెండు వలయాలుగా విడదీసి, వాటి గొట్టాలను రియాక్టర్ అంతటా ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా అల్లారు. ఒక వలయం పగిలి ఖాళీ అయినా పక్క గొట్టంలో ద్రవం ఉంటుంది, ఖాళీ అంతా ఒకేచోట పోగవదు. ఇక్కడ భద్రత ప్రకృతి దయ మీద కాకుండా కట్టిన యంత్రం మీద ఎక్కువగా ఆధారపడింది. అది తప్పు కాదు, కానీ ఆ యంత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

పంపులు ఆపేసి చూసిన పగలు

చెర్నోబిల్‌కు మూడు వారాల ముందు, 1986 ఏప్రిల్ 3న, అమెరికాలోని ఐడహోలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల నడిపిన ఈబీఆర్-2 రియాక్టర్ మీద ఒక వింత పరీక్ష జరిగింది. 62.5 మెగావాట్ల ఉష్ణశక్తితో పూర్తి స్థాయిలో నడుస్తుండగా పంపులను ఆపేశారు. మామూలుగా అయితే ఆ క్షణమే కడ్డీలు దిగాలి. వాటిని దిగకుండా కావాలనే ఆపి ఉంచారు.

ఈ రియాక్టర్‌లో ఉండేది నీళ్లు కాదు, ద్రవ సోడియం. మితకారి అసలే లేదు, ఇది వేగపు న్యూట్రాన్లతోనే నడిచేది. అందుచేత ఇక్కడి అడ్డు జ్యామితి నుంచి వస్తుంది. ప్రవాహం తగ్గగానే సోడియం వేడెక్కింది. సోడియం, ఉక్కు, ఇంధనం అన్నీ కొద్దికొద్దిగా వ్యాకోచించాయి. ఇంధన కట్టలు ఒకదాన్నొకటి నెట్టుకుని కాస్త విడివడ్డాయి. మిల్లీమీటర్లలో కొలిచే మార్పే అయినా, చిన్న రియాక్టర్ కనుక అంచుల నుంచి బయటికి జారిపోయే న్యూట్రాన్లు పెరిగాయి. శృంఖల చర్య కుంటుపడింది. బయటికి వచ్చే సోడియం 470 డిగ్రీల ప్రాంతం నుంచి అర నిమిషంలో సుమారు 700 డిగ్రీలకు ఎక్కింది, ఆపైన దిగడం మొదలుపెట్టింది. సోడియం మరిగేది 880 డిగ్రీల దగ్గర. శక్తి దాదాపు సున్నాకు జారింది. మిగిలిన వేడిని, వేడి సోడియం పైకి, చల్లనిది కిందికి సహజంగా తిరుగుతూ మోసుకుపోయింది.

అదే రోజు మధ్యాహ్నం రెండో పరీక్ష చేశారు. ఈసారి పంపులు ఆపలేదు, వేడిని బయటికి తీసుకుపోయే దారి మూసేశారు. వచ్చే సోడియం మెల్లగా వేడెక్కుతుంటే రియాక్టర్ మెల్లగా తగ్గుకుంటూ పోయింది. ఎవరూ ఏ మీటా ముట్టుకోలేదు, ఇంధనానికి హాని జరగలేదు.

ఇది సాధ్యం కావడానికి కీలకం ఇంధనం లోహం కావడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, ఎందుకంటే ఇంధనం బాగా వేడిగా ఉంటే డాప్లర్ అడ్డు బలంగా ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ శక్తి తగ్గితే ఇంధనం చల్లబడుతుంది. చల్లబడితే డాప్లర్ అడ్డు సడలి ఆ జోరు తిరిగొస్తుంది. ఆక్సైడ్ ఇంధనం వేడిని సరిగ్గా వదలదు కనుక నడిచేటప్పుడు దాని నడిగర్భం సోడియంకంటే వెయ్యి డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. శక్తి తగ్గినప్పుడు తిరిగొచ్చే జోరు కూడా అంత పెద్దది. దాన్ని అణచాలంటే సోడియం ఇంకా వేడెక్కాలి, మరిగే ప్రమాదం దగ్గరవుతుంది. లోహపు ఇంధనం వేడిని వెంటనే వదిలేస్తుంది కాబట్టి సోడియంకంటే అంత వేడిగా ఉండదు, తిరిగొచ్చే జోరు కొద్దిపాటిదే. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ప్రోటోటైప్ సోడియం రియాక్టర్ ఆక్సైడ్ ఇంధనంతో రూపొందింది, పరిమాణమూ పెద్దది. ఈబీఆర్-2లో చూసినదాన్ని దానికి యథాతథంగా అంటగట్టకూడదు.

మైనస్ గుర్తు కాపాడలేనివి

1961 జనవరి 3న అదే ఐడహోలో ఎస్ఎల్-1 అనే 3 మెగావాట్ల సైనిక రియాక్టర్‌లో, ఆగి ఉన్న స్థితిలో మధ్య కడ్డీని చేత్తో సుమారు అర మీటరు పైకి లాగారు. నీటి రియాక్టర్, గుణకం మైనస్. బుడగలు పుట్టి చర్య ఆగింది కూడా. కానీ ఆగేలోపు, కొన్ని మిల్లీసెకన్లలో, శక్తి 20,000 మెగావాట్ల దరిదాపులకు వెళ్లింది. ఆవిరి తోసిన నీటి దెబ్బకు రియాక్టర్ పాత్ర దాదాపు తొమ్మిది అడుగులు ఎగిరింది. అక్కడున్న ముగ్గురూ చనిపోయారు. మైనస్ గుర్తు మంటను ఆపింది, ఆపడానికి ముందు జరిగినదాన్ని ఆపలేకపోయింది.

మైనస్ గుర్తుకు రెండో వైపు కూడా ఉంది. వేడెక్కితే తగ్గేది చల్లబడితే పెరుగుతుంది. తారాపూర్ వంటి మరిగే నీటి రియాక్టర్లలో పీడనం హఠాత్తుగా పెరిగితే బుడగలు నలిగి నీళ్లవుతాయి, శక్తి ఎగబాకుతుంది. అందుకే టర్బైనుకు ఆవిరి దారి మూసుకుపోతే కడ్డీలు వెంటనే దిగాలని అక్కడ నియమం.

ఇంకొకటి, ఈ గుణకాలన్నీ న్యూట్రాన్ల మీదే పనిచేస్తాయి. శృంఖల చర్య పూర్తిగా ఆగినా, చీలిన ముక్కల రేడియోధార్మికత నుంచి వేడి పుడుతూనే ఉంటుంది. 3,000 మెగావాట్ల ఉష్ణశక్తి ఉన్న రియాక్టర్ ఆగిన మరుక్షణం అది దాదాపు 200 మెగావాట్లు, ఒక రోజు గడిచాక కూడా 15 మెగావాట్ల దాకా. సెకనుకు ఆరు లీటర్ల నీళ్లను ఆవిరి చేయడానికి ఆ 15 చాలు. 2011 మార్చి 11న ఫుకుషిమాలో నడుస్తున్న మూడు రియాక్టర్లలో భూకంపం రాగానే కడ్డీలు దిగి చర్య సక్రమంగా ఆగింది. సునామీకి కరెంటు పోయి పంపులు ఆగాక ఇంధనాన్ని కరిగించింది ఈ మిగులు వేడే.